ఏ ఐఎస్‌టీ? ఎవరి అర్ధరాత్రి?

తేదీతో సహా గుర్తుంది. 2025 మే 7, బుధవారం రాత్రి. పిడుగురాళ్ల దగ్గర మా మాచవరంలో, డాబా మీద మంచం వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. రాత్రి పన్నెండు కొట్టింది. వారం ముందే అందరికీ మెసేజ్ పెట్టాను కాబట్టి ధీమాగా పేమెంట్ సర్వీస్ ఆపేసి డేటాబేస్ మార్చడం మొదలుపెట్టా. అరగంటకి ఎర్రర్లు వరదలా వచ్చి పడ్డాయి. ఆపి ఉండాల్సిన బ్యాచ్ జాబ్ డబ్లిన్‌లో మొదలైంది. సగం రికార్డులు పాత టేబుల్‌లోకి, సగం ఎక్కడికీ కాకుండా పోయాయి. తెల్లారేదాకా లెక్కలు చేత్తో సరిచూసుకున్నా.

పొద్దున కాల్‌లో నేను అన్న మొదటి మాట: "నేను వారం ముందే క్లియర్‌గా చెప్పాను." ఆ మెసేజ్ ఇదిగో.

```
Payment service will be down on 08/05,
12 AM to 2 AM IST. Please stop all jobs before that.
```

చూడగానే ఏం తప్పుందో కనపడిందా? నాకు కనపడలేదు. మా టీమ్‌లో డాలస్‌లో ఒకరు, డబ్లిన్‌లో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు ఉన్నారు. ముగ్గురూ చదివారు, ముగ్గురూ థంబ్స్ అప్ పెట్టారు. ముగ్గురికీ మూడు వేరే వేరే టైములు అర్థమయ్యాయి.

డాలస్ ఆయన 08/05ని ఆగస్టు 5 అనుకున్నాడు. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. మనకి రోజు ముందు, నెల తర్వాత. ఇంకా మూడు నెలలుంది కదా అని క్యాలెండర్‌లో పెట్టుకుని ఊరుకున్నాడు. 25/12 లాంటి తేదీ అయితే ఈ గొడవ రాదు, ఎందుకంటే ఇరవై అయిదో నెల ఉండదు. రోజు అంకె పన్నెండు లోపు ఉంటేనే ప్రమాదం. అంటే ప్రతి నెలా మొదటి పన్నెండు రోజులన్నమాట.

డబ్లిన్ అమ్మాయి తేదీ సరిగ్గానే చదివింది. తనకి తేడా కొట్టింది ఐఎస్‌టీ దగ్గర. మనకి ఐఎస్‌టీ అంటే భారత కాలమానం. ఐర్లండ్‌లో ఐఎస్‌టీ అంటే ఐరిష్ స్టాండర్డ్ టైమ్. 1968లో వాళ్లు చేసిన చట్టం నుంచీ అక్కడ వేసవిలో నడిచేదే అసలు టైము. చలికాలంలో దాన్నే గంట వెనక్కి జరుపుతారు. అంటే మే నెలలో ఆ అమ్మాయి గోడ గడియారం చూపించేది నిజంగానే ఐఎస్‌టీ. ఇజ్రాయెల్ వాళ్లకీ ఇంకో ఐఎస్‌టీ ఉంది. వాళ్లలో ఎవరికీ "ఏ ఐఎస్‌టీ?" అన్న అనుమానమే రాదు, మనకి రానట్టే. నా పన్నెండుకి డబ్లిన్‌లో ఏడో తారీకు సాయంత్రం ఏడున్నర. తన లెక్కలో ఇంకా నాలుగున్నర గంటల టైముంది. ఎనిమిదింటికి రోజూ నడిచే బ్యాచ్ మామూలుగా నడిచింది.

ఇక హైదరాబాద్ తమ్ముడు. దేశం ఒకటే, భాష ఒకటే, ఐఎస్‌టీ ఒకటే. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. "అక్కా, ఎనిమిదో తారీకు రాత్రి పన్నెండు కదా, ఇవాళ రాత్రికి అలారం పెట్టుకున్నా" అన్నాడు. గడియారం లెక్కలో ఎనిమిదో తారీకు మొదలయ్యేదే 12 ఏఎంతో. కానీ మనుషుల నోట్లో "ఎనిమిదో తారీకు రాత్రి పన్నెండు" అంటే ఎనిమిదో తారీకు అయిపోయేటప్పుడు. రైలు టికెట్ మీద 8వ తేదీ 00:15 అని చూసి, ఎనిమిదో తారీకు రాత్రి స్టేషన్‌కి వెళ్లి, రైలు నిన్ననే పోయిందని తెలుసుకున్న వాళ్లు మీ బంధువుల్లోనూ ఒకరు ఉండే ఉంటారు.

ఆ కాల్ తర్వాత మా మేనేజర్ విడిగా ఫోన్ చేశాడు. తిట్టలేదు. "ఊళ్లో ఉంటే కమ్యూనికేషన్ కొంచెం గ్యాప్ వస్తుందేమో, హైదరాబాద్ వచ్చేస్తే బెటరేమో ఆలోచించు" అన్నాడు. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి రెండు నెలలు. నేను మాచవరంలో ఉండటానికి కారణం అదే. గ్యాప్ ఊరిది కాదు, నేను రాసిన రెండు లైన్లది అని చెప్పాలంటే, ముందు వాటిని సరిగ్గా రాసి చూపించాలి.

దారి చూపించింది మాత్రం ఓ పెళ్లి కార్డు. ఆ మధ్యాహ్నం నాన్న దాన్ని చేతిలో పట్టుకుని "ఏందమ్మా, శనివారం బయల్దేరాల్నా, ఆదివారమా?" అన్నాడు. నేను చూశా. "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం" అని ఉంది. వెంటనే "శనివారమే నాన్నా, రాత్రికల్లా అక్కడుండాలి" అన్నా. అన్నాక నవ్వొచ్చింది. పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో, ఇంగ్లిష్ క్యాలెండర్‌లో తేదీ మారేది అర్ధరాత్రి. తెల్లవారుజామున మూడింటి ముహూర్తం ఒక లెక్కలో శనివారం, ఇంకో లెక్కలో ఆదివారం. మీరే చూసుకోండి అని అతిథులకి వదిలేయకుండా, శుభలేఖ రాసేవాళ్లు రెండు వారాలూ పక్కపక్కనే వేసేశారు. ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టనిది ఊళ్లో ప్రెస్ ఆయనకి ఎప్పటినుంచో తెలుసు.

మార్చిన పనిని మళ్లీ మే 21కి పెట్టుకున్నాం. ఈసారి నేను పెట్టిన మెసేజ్ ఇది.

```
START  2025-05-21 18:00 UTC
END    2025-05-21 20:00 UTC

Dallas     Wed 21 May, 13:00 - 15:00
Dublin     Wed 21 May, 19:00 - 21:00
Hyderabad  Wed 21 May, 23:30 - Thu 22 May, 01:30

If any line disagrees, UTC is correct.
Reply with your local start time.
```

ఇందులో ప్రతి ముక్కా ఆ రాత్రి తగిలిన దెబ్బకి మందే. 2025-05-21 అని సంవత్సరంతో మొదలుపెట్టి రాయడం ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం, 1988 నుంచీ ఉంది. ఏడాది ముందొస్తే తర్వాత వచ్చేది నెలే అని అందరూ ఒకేలా చదువుతారు. కింద మనుషుల కోసం నెలని అక్షరాల్లో రాశా. May అని ఉంటే దాన్ని ఆగస్టు అనుకునేవాళ్లుండరు.

వారం పేరు అలంకారం కాదు, అది సరిచూసుకునే గుర్తు. నా పాత మెసేజ్‌లో Thu అన్న మూడు అక్షరాలుంటే చాలు. ఆగస్టు 5 మంగళవారం కాబట్టి డాలస్ ఆయన క్యాలెండర్‌లో పెట్టుకునేటప్పుడే ఆగి అడిగేవాడు.

అర్ధరాత్రి అన్న మాటే రాకుండా అరగంట ముందుకి జరిపా. 23:30 ఏ రోజుదో ఎవరూ వాదించరు. పైగా మొదలయ్యే క్షణానికి మూడు ఊళ్లలోనూ తేదీ ఒకటే. మాకు మాత్రం పని మధ్యలో తేదీ మారుతుంది కాబట్టి, శుభలేఖలో లాగే రెండు వారాలూ రాశా.

యూటీసీ ఎందుకంటే, దానికి ఎండాకాలం, చలికాలం లేవు. మన టైము దానికంటే అయిదున్నర గంటలు ముందు. ఆ అరగంట ఎక్కడిదా అంటే, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, మన టైము లెక్కకట్టేది 82.5 డిగ్రీల రేఖాంశం దగ్గర. మన కాకినాడకి దగ్గరగా వెళ్లే గీత అది. 82.5ని 15తో భాగిస్తే అయిదున్నర. చేత్తో తీసివేస్తే తప్పులొస్తాయి కాబట్టి నేను లినక్స్‌లో ఈ కమాండ్‌తో చూసుకుంటా.

```
TZ="America/Chicago" date -d "2025-05-21 23:30 +0530"
```

డాలస్‌కి షికాగో పేరెందుకంటే, కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ల పట్టికలో ఆ ప్రాంతమంతటికీ పెట్టిన పేరు అది. మనం ఎక్కడున్నా Asia/Kolkata అయినట్టు.

చివరి రెండు లైన్లు చాలామంది రాయరు. నాలుగు చోట్ల నాలుగు టైములు రాస్తే ఒకదాంట్లో నా చెయ్యే జారొచ్చు, అప్పుడు ఏది నిజమో ముందే చెప్పి ఉండాలి. ఇక థంబ్స్ అప్ అంటే చదివాను అని మాత్రమే, అర్థమైంది అని కాదు. "నీ ఊళ్లో ఎన్నింటికో రాయి" అంటే తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఇది ఒకసారి జరిగే పనికి. ప్రతి వారం ఉండే మీటింగ్‌కి మాత్రం యూటీసీ కుదరదు. డాలస్‌లో పొద్దున తొమ్మిదంటే మనకి వేసవిలో సాయంత్రం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. దాన్ని యూటీసీలో కట్టేస్తే గడియారాలు మారిన రోజు డాలస్ వాళ్లు ఎనిమిదింటికో పదింటికో రావాలి. అలాంటప్పుడు "డాలస్ టైము 09:00" అని ఊరి పేరు పెట్టాలి, అంతే. సీఎస్‌టీ అని కూడా రాయకూడదు. వేసవిలో అక్కడ నడిచేది సీడీటీ, పైగా చైనా వాళ్ల టైమూ సీఎస్‌టీనే. ఇంకో తిరకాసు, అమెరికా, యూరప్ ఒకేరోజు మారవు. 2025లో అమెరికా మార్చి 9న మారితే డబ్లిన్ మార్చి 30న మారింది. ఆ మూడు వారాలూ వాళ్లిద్దరి మధ్య తేడా ఆరు గంటలు కాదు, అయిదే. మా మీటింగులకి మనుషులు గంట ముందో వెనకో వచ్చింది ఆ వారాల్లోనే.

మెసేజ్ పెట్టిన అరగంటకి డాలస్ నుంచి "1 PM Wed" అని వచ్చింది. హైదరాబాద్ తమ్ముడు "బుధవారం రాత్రి పదకొండున్నర, తెల్లవారితే గురువారం" అని తెలుగులోనే కొట్టాడు. డబ్లిన్ అమ్మాయి మాత్రం "20:00?" అని రాసింది. ఒక గంట తేడా. క్యాలెండర్‌లో ఎక్కించేటప్పుడు లైన్ మారి రెండోది చూసిందేమో. పాత పద్ధతిలో అయితే అది కూడా థంబ్స్ అప్ అయ్యేది, ఎనిమిది గంటల బ్యాచ్ మళ్లీ నా నెత్తిన పడేది. "19:00" అని తిరిగి రాశా, తను సరిచేసుకుంది.

ఆ బుధవారం రాత్రి ఒంటిగంట పదికి పని అయిపోయింది. మేనేజర్ మళ్లీ హైదరాబాద్ మాట ఎత్తలేదు. ల్యాప్‌టాప్ మూసి కిందికి దిగితే అమ్మ మెలకువగానే ఉంది. "ఏ రోజుకి పడుకుంటావే ఇంతకీ?" అంది.

"బుధవారానికే అమ్మా" అన్నా. "ఇంకా తెల్లవారలేదుగా."