ఆదివారం ఆకలి

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. తేదీ, బరువు, ఎత్తు, మూడే గడులు. మావాడికి ఎనిమిదేళ్ళు. కిందటి జూన్ నుంచి వాడు మిథైల్‌ఫెనిడేట్ వేసుకుంటున్నాడు. ఏడీహెచ్‌డీ అన్న మాట చెప్పగానే చుట్టాలు అడిగే ప్రశ్నలన్నీ వాడి బుద్ధి గురించే. క్లాసులో కూర్చుంటున్నాడా, నోట్సు రాస్తున్నాడా, అలవాటైపోతుందేమో, ఇలా. ఆ కబుర్లు అంతటా దొరుకుతాయి. ఈ తొమ్మిది నెలలూ నేను ఎక్కువగా ఆలోచించింది మాత్రం వాడి లంచ్ బాక్స్ గురించి.

ఈ మందుకి సరదా అయిన పుట్టుక ఒకటుంది. 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీలో పనిచేసే లియాండ్రో పానిజోన్ అనే కెమిస్టు దీన్ని తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్ టెన్నిస్ ఆడేముందు వేసుకునేదట. ఆమె ముద్దుపేరు రీటా. అందుకే మందు పేరు రిటలిన్. మన దగ్గర వేరే పేర్లతో దొరుకుతుంది, దొరకడమంటూ జరిగితే. షెడ్యూల్ ఎక్స్ మందు కాబట్టి ప్రతి మెడికల్ షాపులో పెట్టరు, ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు పట్టుకెళ్ళాలి, ఒకటి షాపువాళ్ళు ఉంచేసుకుంటారు. మొదటిసారి నాలుగు షాపులు తిరిగాను. నాలుగోచోట కౌంటర్ వెనకాల ఉన్నాయన కాగితం చూసి, నన్ను చూసి, "ఎవరికమ్మా?" అన్నాడు. పిల్లాడికి అంటే ఇంకేం అనలేదు గానీ, ఆ చూపు మాత్రం ఇంటిదాకా నాతోనే వచ్చింది.

మావాడిది 18 మిల్లీగ్రాముల లాంగ్ యాక్టింగ్ మాత్ర. పొద్దున ఏడున్నరకి వేస్తే సాయంత్రం దాకా నెమ్మదిగా పనిచేస్తుంది. మెదడులో డోపమిన్, నారడ్రెనలిన్ అనే రెండు రసాయనాలు త్వరగా వెనక్కి పీల్చుకుపోకుండా ఆపుతుంది. దృష్టి నిలబడేది దానివల్లే, ఆకలి పడిపోయేదీ దానివల్లే. అంటే లంచ్ బెల్లు కొట్టే పన్నెండున్నరకి మందు సరిగ్గా పనిమీద ఉంటుంది. వాడు బాక్స్ మూత తీస్తాడు, చూస్తాడు, మళ్ళీ పెట్టేస్తాడు. "ఎందుకు తినలేదురా?" అంటే "తినాలనిపించలేదమ్మా" అనేవాడు. కడుపునొప్పి కాదు, వాంతి కాదు, ఊరికే ఆకలి లేదంతే. పులిహోర పెట్టినా, ఫ్రైడ్ రైస్ పెట్టినా అదే కథ.

జూన్‌లో మొదలుపెట్టిన రోజు వాడి బరువు 24.2 కిలోలు, ఎత్తు 125.4 సెంటీమీటర్లు. సెప్టెంబర్ మొదట్లో బరువు 23 కిలోలు. పెద్దవాళ్ళకి కిలోంపావు తగ్గడం ఒక లెక్క కాదు, జిమ్ ఫీజు గిట్టుబాటైందని సంతోషిస్తాం. కానీ ఆ వయసు పిల్లాడు మూడు నెలల్లో అరకిలో పైన పెరగాలి. అంటే పోయింది కిలోంపావు కాదు, దాదాపు రెండు కిలోలు. డాక్టరు తన దగ్గరున్న చార్టు మీద చుక్క పెట్టి చూపించారు. భారతీయ పిల్లల కోసం ఐఏపీ వాళ్ళు 2015లో వేసిన గ్రోత్ చార్టు అది. బరువు చుక్క మధ్య గీత దగ్గర్నుంచి కిందకి జారింది. ఒక చుక్క గీతకి పైనుందా కిందుందా అనేది పెద్ద సంగతి కాదట. సన్నటి పిల్లలు సన్నటి గీత మీదే హాయిగా పెరుగుతారు. తన గీత వదిలి కింద గీత వైపు జారుతున్నాడా అన్నదే చూడాలన్నారావిడ.

ఎత్తు కొలవడం బరువంత తేలిక కాదు. ఆ వయసులో పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు, అంటే నెలకి అర సెంటీమీటరు. పొద్దున లేచినప్పటికంటే సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుపోయి మనిషి సుమారుగా అంతే పొట్టవుతాడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఒకసారి పొద్దున్న, ఇంకోసారి సాయంత్రం కొలిస్తే నెలా రెండు నెలల పెరుగుదల మాయమైపోతుంది, లేదా లేనిది పుట్టుకొస్తుంది. అందుకే మాకు ఒక పద్ధతి ఏర్పడింది. ఆదివారం పొద్దున, చెప్పుల్లేకుండా, మడమలూ పిర్రలూ భుజాలూ గోడకి ఆనించి, చూపు తిన్నగా, తల మీద అట్టబుక్కు. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోవడం. అదీ మూడు నెలలకోసారే. నెలనెలా కొలిస్తే టేపు తప్పుల్ని చూసి ఏడవడమే. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో పదేళ్ళలోపు పిల్లలకి బరువు మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి చూడమని ఉంది. మేం ఎత్తు కాస్త ఎక్కువసార్లే చూస్తున్నాం, నా కంగారు వల్ల.

సెప్టెంబర్‌లో డాక్టరు మందు మార్చలేదు, తిండి వేళలు మార్చారు. మధ్యాహ్నంతో పోట్లాడకండి, ఓడిపోతారు అన్నారు. అప్పట్నుంచి మాత్రకి ముందే, ఏడు గంటలకి, అసలు భోజనం. నెయ్యి వేసిన పెసరట్టు, గుడ్డు, అరటిపండు. బాక్స్‌లో రెండు ముద్దలే, మిగిల్చినా ఎవరూ ఏమీ అనకూడదు. సాయంత్రం ఆరయ్యేసరికి మందు దిగిపోతుంది, అప్పుడు వాడు వంటింట్లోకి వచ్చి డబ్బాలు వెతుకుతాడు. అప్పుడొక భోజనం, పడుకోబోయే ముందు పాలూ వేరుశనగ చిక్కీ. మా అత్తయ్యకి ఇది నచ్చలేదు. "రాత్రి తొమ్మిదిన్నరకి చిక్కీ ఏంటమ్మా, పళ్ళు పాడైపోతాయి" అనేవారు. డిసెంబర్‌కి 23.6 కిలోలయ్యాడు. పోయింది సగమే వచ్చింది.

అప్పుడొచ్చింది ఆదివారం మాట. స్కూలు లేని రోజు మాత్ర ఎందుకు, ఆపొచ్చా అని నేనే అడిగాను. ఈ మందుకి ఆ వెసులుబాటు ఉంది. ఏ రోజుది ఆ రోజే ఒంట్లోంచి పోతుంది, మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిన పని లేదు. ఏడీహెచ్‌డీకే ఇచ్చే ఆటమాక్సిటీన్ లాంటి మందుల్ని ఇలా ఆదివారాలు ఎగ్గొట్టడానికి కుదరదు, అవి రోజూ వేస్తేనే పనిచేస్తాయి.

ఆపితే లాభముందా అన్నదానికి డాక్టరు రెండు అధ్యయనాలు చెప్పారు. నేను ఇంటికొచ్చి చదివాను. ఒకటి 2004లో బ్రెజిల్‌ది. నలభై మంది అబ్బాయిల్లో సగం మందికి శని, ఆదివారాలు మందుకి బదులు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగు వారాలు. వాళ్ళకి ఆకలి, నిద్ర సమస్యలు తగ్గాయి, సోమవారం బళ్ళో అల్లరి పెరగలేదు. చదవగానే ఎగిరి గంతేశాను. కానీ నాలుగు వారాల్లో ఎత్తు సంగతి ఏం తెలుస్తుంది? రెండోది అమెరికాలో చేసినది, 2020లో వచ్చింది. రెండు వందల పైచిలుకు పిల్లలు, రెండున్నరేళ్ళు. మందు వల్ల బాగా చిక్కిపోయిన పిల్లల్ని మూడు రకాలుగా విడదీశారు. కొందరికి ఊరికే నెలనెలా చూడటం, కొందరికి సెలవు రోజుల్లో మందు మానేయడం, కొందరికి రోజూ అదనపు పోషకాల డ్రింకు. మందు మానిన వాళ్ళూ, డ్రింకు తాగిన వాళ్ళూ బరువు పెరిగారు. ఎత్తులో మాత్రం ఊరికే చూస్తూ కూర్చున్న వాళ్ళకంటే ఎక్కువేమీ పెరగలేదు.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలా గందరగోళం తీరిపోతుంది. ఆదివారం సెలవు కిలోలకి పనికొస్తుంది, సెంటీమీటర్లకి పనికొస్తుందని చెప్పలేం. తిండి తగ్గితే ఎత్తు తగ్గుతుంది, తిండి పెడితే ఎత్తు తిరిగొస్తుంది అని నాకున్న వంటింటి లెక్క అంత సాఫీగా నడవదు. అసలు ఎత్తు ఎంత తగ్గుతుందంటే, అమెరికాలోనే జరిగిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనంలో కొత్తగా మందు మొదలుపెట్టి ఆపకుండా వాడిన పిల్లలు, వాడని వాళ్ళకంటే మూడేళ్ళలో సుమారు రెండు సెంటీమీటర్లు వెనకబడ్డారు. ఆ వెనకబాటు ఎక్కువగా మొదటి ఒకటి రెండేళ్ళలోనే. పెద్దయ్యాక తేడా ఏమీ దొరకని అధ్యయనాలూ ఉన్నాయి.

డిసెంబర్ నుంచి మేం ఆదివారాలు ఆపాం. ఆదివారాలే, ఎందుకంటే వాడికి శనివారం స్కూలుంది. వీకెండ్ అనే మాటలో ఉన్న రెండో రోజు హైదరాబాద్‌లో అందరికీ లేదు. మొదటి ఆదివారం వాడు నాలుగు ఇడ్లీలు తిని, పదకొండింటికి మళ్ళీ "ఏముంది?" అన్నాడు. మధ్యాహ్నం చికెన్ రెండోసారి వేయించుకున్నాడు. అత్తయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇదిగో, ఇప్పుడు నా మనవడిలా ఉన్నాడు" అన్నారు. ఆ రోజే సాయంత్రం పక్కింటి పిల్లాడి సైకిలు అడక్కుండా తీసుకెళ్ళి గేటుకి గుద్దాడు. సోమవారం మాత్ర వేశాక తలనొప్పన్నాడు. ఒకరోజు ఆపి మళ్ళీ మొదలుపెడితే కొందరు పిల్లలకి అలా అవుతుందట. మావాడికి మూడు సోమవారాలు అయింది, తర్వాత పోయింది.

నాకు ఇబ్బందిగా తోచింది వేరే. జనవరిలో ఒక రాత్రి వాడు, "నానమ్మకి ఆదివారం నేనంటే ఇష్టం" అన్నాడు. ఫిర్యాదులా కాదు, హోంవర్క్ ఏముందో చెప్పినట్టు. మర్నాడు అత్తయ్యతో మాట్లాడాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "తింటుంటే సంతోషమనిపించిందమ్మా, అంతే" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ తర్వాత సోమవారాలు కూడా స్కూల్నుంచి రాగానే వాణ్ణి కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి తినిపిస్తున్నారు. రాత్రి చిక్కీ విషయంలో కూడా రాజీపడ్డారు, తర్వాత పళ్ళు తోమించే షరతు మీద.

మార్చిలో కొలిచాం. 24.6 కిలోలు. మొదలుపెట్టిన రోజు బరువు దాటాడు. ఇది ఆదివారాల పుణ్యమా, పెసరట్ల పుణ్యమా, లేక మందుకి ఒళ్ళు అలవాటుపడి ఆకలి దానంతటదే కొంత తిరిగొచ్చిందా అని అడిగితే ఒక్క పిల్లాణ్ణి పట్టుకుని ఎవరూ చెప్పలేరు. ఎత్తు 128.6. తొమ్మిది నెలల్లో 3.2 సెంటీమీటర్లు, ఏడాదికి కట్టి చూస్తే నాలుగుంపావు. తక్కువే. భయపడేంత తక్కువ కాదన్నారు డాక్టరు, కానీ జూన్ కొలత చూసి మాట్లాడదామన్నారు. ఈలోపు వేసవి సెలవుల్లో కొన్ని వారాలు పూర్తిగా ఆపి చూడొచ్చన్నారు. ఎత్తు బాగా దెబ్బతిన్నప్పుడు స్కూలు సెలవుల్లో ఇలాంటి విరామం ఆలోచించమని నైస్ కూడా అంటుంది. మందు అవసరం ఇంకా ఎంతుందో కూడా అప్పుడు తెలుస్తుంది.

సరే అన్నాను, ఒక్కచోట తప్ప. మే నెలలో పది రోజులు అమ్మావాళ్ళ ఊరెళ్తాం. ఇంటి వెనకే గోదావరి కాలవ. మావాడికి ఈత రాదు, ఆలోచన కంటే కాళ్ళు ముందు పరిగెడతాయి. ఆ పది రోజులూ మాత్ర సూట్‌కేసులో ఉంటుంది, పొద్దున ఏడున్నరకి వేస్తాను. మధ్యాహ్నం మామిడికాయ పప్పు వాడు తినకపోతే అమ్మ నొచ్చుకుంటుంది, ముందే ఫోన్ చేసి చెప్పాను. "సాయంత్రం దాచి పెడతాలే" అంది.