మా అమ్మాయి ఉత్తరం - నా ఎర్రసిరా

మా ఆవిడకు చెన్నైలో ఆపరేషన్ అయినప్పుడు రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్న నర్సు మలయాళీ పిల్ల. ఇల్లు చేరాక మా అమ్మాయి ఆమెకు ఇంగ్లీషులో ఉత్తరం రాసి, "నాన్నగారూ, తప్పులుంటే దిద్దండి" అని నా చేతికిచ్చింది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పినవాణ్ణి. ఎర్రసిరా కలం తీయకుండా ఉంటానా?

మొదటి వాక్యమే, 'ఐ అప్రీషియేట్ యు హెల్పింగ్ మై మదర్'. 'యు' కొట్టేసి 'యువర్' అని పెట్టాను. అప్రీషియేట్ చేస్తున్నది సాయం చేయడాన్ని. 'హెల్పింగ్' అక్కడ నామవాచకం పని చేస్తోంది. కనక అది ఎవరిదో చెప్పే మాట షష్ఠీ విభక్తిలో ఉండాలి.

"మరి తెలుగులో 'మీరు సాయం చేయడం' అంటాం గాని 'మీ సాయం చేయడం' అనం కదండీ?" అంది.

నిజమే సుమండీ! మనకు 'రాక' అయితే 'మీ రాక', 'రావడం' అయితే 'మీరు రావడం'. ఇంగ్లీషువాడికి రెంటికీ 'కమింగ్' ఒక్కటే. మన చేయి 'యు' వైపు పోవడంలో వింత లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. కింద 'ఐ సా యు సిటింగ్ బై హర్ బెడ్' అని ఉంటే, అక్కడా 'యువర్' చేశాను. ఆ రాత్రి మా రైలు ఆలస్యమవుతుందని పడ్డ బెంగ గురించి 'వర్రీడ్ అబౌట్ ది ట్రెయిన్ బీయింగ్ లేట్' అంటే 'ట్రెయిన్స్' చేశాను.

"నేను చూసింది కూర్చోవడాన్ని కాదు నాన్నగారూ, ఆవిడని. తెల్లారగట్ల గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మ చేయి పట్టుకుని కూర్చుని ఉంది" అంది.

నా నోట మాట రాలేదు. 'సీ', 'హియర్' వంటి క్రియల తరవాత మనిషే కర్మ. 'సిటింగ్' ఆ మనిషి ఎలా ఉందో చెబుతుంది, అంతే. అక్కడ 'యువర్' పెడితే ఆ పిల్ల తెరమరుగై పోతుంది.

రైలు సంగతీ అంతే. 1926లో వచ్చిన తన వాడుక నిఘంటువులో ఫౌలర్ ఇలాంటి చోట్ల షష్ఠి కావలసిందేనని పట్టుబట్టాడు. డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ మంచి రచయితల వాక్యాలే చూపించి ఆయన్ని ఎదుర్కొన్నాడు. ప్రాణం లేని వస్తువులకూ, 'మేడమీద వాటాలో ఉండే పెద్దమనిషి' వంటి పొడుగాటి మాటలకూ ఆ షష్ఠి తోక తగిలిస్తే వినడానికే ఎబ్బెట్టు. సాదా రూపమే నయం. మాటల్లో అయితే 'యు హెల్పింగ్' అన్నా ఇవాళ ఎవరూ తప్పు పట్టరు. మర్యాదగా రాసే ఉత్తరంలో 'యువర్' మేలు. వాక్యం మొదట్లో మాత్రం 'హిమ్ కమింగ్ లేట్' అని రాయకండి, 'హిజ్' అనండి.

అమ్మాయి కొత్త కాగితం మీద ఉత్తరం తిరగరాసింది. నా దిద్దుబాట్లలో ఒక్క 'యువర్' నిలిచింది, మొదటిది.