పోయిన గోలీ పోయినట్టే

మన నల్లగొండ, పాలమూరు దిక్కు సూదంటే ఉన్న భయం గోలీ అంటే ఉండదు, గమనించారా? బీపీది, షుగర్‌ది, ఒళ్లునొప్పులది అన్నీ టీవీ పక్కన ఒకే డబ్బాలో ఉంటాయి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖాన నుంచి బస్సులో తెచ్చుకున్న కీమో గోలీలు కూడా అందులోనే పడతాయి. సెలైన్‌తో ఎక్కించే కీమో అయితే నర్సమ్మ చూసుకుంటుంది. ఈ గోలీకి నర్సమ్మలం మనమే.

కేపెసిటబిన్ సంగతే చూద్దాం. రొమ్ము, పెద్దపేగు క్యాన్సర్లకు ఎక్కువగా రాస్తారు. ఏళ్లుగా సూదిలో ఇస్తున్న ఫ్లోరోయురాసిల్ అనే మందుగానే ఇది ఒంట్లోకి పోయాక మారుతుంది. గోలీ రూపంలో ఉందంతే, బలం తక్కువేం కాదు.

దేవరకొండ దిక్కు ఒక అత్తమ్మ ఉందనుకోండి. ఎత్తు అయిదడుగులు, బరువు 50 కిలోలు. డాక్టరు ఆ లెక్క వేసి 500 మిల్లీగ్రాముల గోలీలు పొద్దున మూడు, రాత్రి మూడు రాశారు. పద్నాలుగు రోజులు వేసుకొని ఏడు రోజులు ఆపాలి. తిన్న అరగంటలోపు నీళ్లతో మింగాలి, పూటకూ పూటకూ పన్నెండు గంటల ఎడం ఉండాలి.

తొమ్మిదో రోజు రాత్రి పెళ్లికి పోయి గోలీలు మరిచిపోయింది. పొద్దున గుర్తుకొచ్చి, ‘ఆరూ ఒక్కసారి ఏసుకుంటే లెక్క సరిపోతది గదా’ అంది. సరిపోదు అత్తమ్మా! పొద్దుటి మూడే వేసుకోవాలి. పన్నెండో రోజు రాత్రి మింగిన ఇరవై నిమిషాలకు వాంతి అయింది. గోలీ పడిందో లేదో అని వాంతిలో వెతకొద్దు, మళ్లీ మింగొద్దు. మందు ఎంత ఒంట్లోకి పోయిందో మనకు తెలియదు. మళ్లీ వేస్తే రెండింతలు పడొచ్చు. మరుసటి పూట మామూలుగా మూడు వేసుకోవాలి.

ఇక పద్నాలుగో రోజు దాటాక స్ట్రిప్పులో మూడు మిగులుతాయి. మనవాళ్లకు మెతుకు పారేయాలన్నా ప్రాణం ఒప్పదు, ‘ఖరాబయితయి’ అని పదిహేనో రోజు మింగేస్తారు. ఆ ఏడు రోజుల విరామం నెత్తురులో కణాలు, పేగుల పొర కోలుకోవడానికి ఇచ్చింది. మిగిలినవి చెత్తకుప్పలోనో, పొయ్యిలోనో వేయకుండా దవాఖానకే తీసుకుపోయి ఇవ్వండి. ఎన్ని పూటలు తప్పాయో డాక్టరుకూ తెలుస్తుంది. ఈ పద్ధతి కేపెసిటబిన్‌కు. వేరే కీమో గోలీలకు తప్పిన పూట లెక్క వేరుగా ఉండొచ్చు, కాబట్టి మీ గోలీ సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

ఇక ఇంట్లోవాళ్లు. అత్తమ్మ తన గోలీలు తానే తీసుకుంటే అన్నిటికంటే మంచిది. వేరేవాళ్లు ఇవ్వాల్సి వస్తే గ్లౌజులు తొడుక్కొని, స్ట్రిప్పులోంచి చిన్న గిన్నెలోకి నొక్కి ఇచ్చి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మింగలేకపోతోందని రోట్లో నూరడం, ముక్కలు చేయడం వద్దే వద్దు. పైపూత పగిలితే ఆ పొడి ఇంట్లోవాళ్ల చేతికీ ఊపిరికీ అంటుతుంది. మింగడం కష్టమైతే డాక్టరుకే చెప్పాలి. కడుపుతో ఉన్న కోడలు, పాలిచ్చే బిడ్డ ఆ గోలీలను ముట్టకూడదు. డబ్బా వేరేగా, పిల్లలకు అందకుండా, వంటింటి వేడికి, రేకుల కప్పు సెగకు దూరంగా పెట్టండి.

వాంతి, మూత్రం, విరేచనాల్లో కూడా మందు కొంత బయటికొస్తుంది. గోలీలు వేసుకునే రోజుల్లోనూ, ఆపాక రెండు రోజులూ వాటిని గ్లౌజులతోనే శుభ్రం చేయాలి. తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. బాత్రూంలో నీళ్లు రెండుసార్లు గట్టిగా పోయాలి. అంతే తప్ప ఆమె కంచం వేరు చేయక్కర్లేదు, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని అనక్కర్లేదు.

ఒక్కసారి వాంతి అయితే పై లెక్క చాలు. ఒక రోజులో రెండోసారి కూడా అయినా, మామూలు కంటే నాలుగైదుసార్లు ఎక్కువ విరేచనాలైనా, నోరు పుండ్లు పడి తినలేకపోయినా, అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పనికి వంగనంత మండినా, తర్వాతి గోలీ వేసుకోకుండా వెంటనే దవాఖానకు ఫోన్ చేయాలి. జ్వరం 100.4 దాటితే రాత్రయినా ఆగొద్దు. ‘కోర్సు మధ్యలో ఆపొద్దంట’ అని పంటి బిగువున మింగడం చాలా ప్రమాదం.

అందుకే ఈసారి రెడ్ హిల్స్‌కు పోయినప్పుడు గోలీల డబ్బా మీదే మూడు సంగతులు రాయించుకోండి: ఏ తారీఖున మొదలు, ఏ తారీఖున ఆపాలి, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి.