మా అడుగు వెనకబడలేదు, పాటే ఆలస్యంగా వినిపించింది

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. ఆగస్టు 9 వస్తోందంటే మన గ్రూపులో అందరూ డాన్స్ వీడియోలు తీస్తారు కదా, మాకు జరిగింది చెబితే మీకు ఒక సాయంత్రమైనా మిగులుతుందని రాస్తున్నాం.

మేము ఎనిమిది మందిమి, ఒకే హాస్టల్, అందరివీ అరకు వైపు ఊళ్లే. మొన్న హాస్టల్ వెనక గ్రౌండులో థింసా వేసి వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పాట కూడా మన ఊరిదే. ఏప్రిల్‌లో ఇటుకల పండక్కి మాలో ఒకమ్మాయి వాళ్ల పెదనాన్న మోరి ఊదుతుంటే, పక్కన డప్పు, తుడుం వాయిస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాం. వీడియో చూసి పెదనాన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఏటమ్మా, కాలేజీకెళ్లి అడుగు మర్చిపోయారా? డప్పు పడ్డాక కాలు వేస్తన్నారేటి అందరూ?"

ఆ రాత్రి మాలో ఎవరూ సరిగ్గా తినలేదు. చిన్నప్పట్నుంచి వేసే అడుగు అది. మర్చిపోయామంటే నమ్మలేకపోయాం, కానీ వీడియోలో చూస్తే నిజంగానే డప్పు తర్వాతే కాలు పడుతోంది. మాలో ఒకమ్మాయి ఏడ్చేసింది కూడా.

మర్నాడు ఎడిటింగ్ యాప్‌లో వీడియో వేసుకుని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాం. మా ఫోన్ సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. డప్పు దెబ్బ పడిన చోట ఆపి, అక్కణ్నుంచి కాలు నేలకి తగిలేదాకా లెక్కపెడితే 7 ఫ్రేములు. అంటే సెకనులో దాదాపు పావు వంతు. పాటలో నిమిషానికి 110 దెబ్బల దాకా పడుతున్నాయి, అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను కంటే కొంచెం ఎక్కువ. అందులో పావు సెకను ఆలస్యమైతే కాలు సరిగ్గా రెండు దెబ్బల నడుమ పడుతుంది. పెదనాన్నకి అలా కనిపించిందంటే కనిపించదా మరి!

కానీ ఇక్కడే అనుమానం వచ్చింది. ఎనిమిది మందికీ అదే 7. మొదటి నిమిషంలోనూ 7, చివర్లోనూ 7. మనుషులు తప్పు చేస్తే ఇలా చెయ్యరు. ఒకరు ముందు వేస్తారు, ఒకరు వెనక వేస్తారు, అలిసిపోయేకొద్దీ తేడా మారుతుంది. అందరికీ మొదట్నుంచి చివరిదాకా ఒకే తేడా ఉందంటే తప్పు కాళ్లది కాదు, పాట వచ్చే దారిది.

దారి ఏంటంటే, మేము రీల్స్ యాప్‌లోనే పాట పెట్టుకుని, అదే యాప్‌లో రికార్డు నొక్కి, పాటని బ్లూటూత్ స్పీకర్‌లో వినిపించాం. బ్లూటూత్‌లో పాట నీళ్లలా నేరుగా పారదు. ఫోన్ దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కుదించి పంపుతుంది, స్పీకర్ ఆ ముక్కలు కొన్ని పోగేసుకున్నాకే వాయిస్తుంది, లేకపోతే మధ్యలో తెగుతుంది. ఈ పోగేసుకోవడానికి పట్టే టైమే ఆ పావు సెకను. ఒక్కో స్పీకర్‌కి ఒక్కోలా ఉంటుంది. మేము స్పీకర్‌లో విన్న డప్పుకి సరిగ్గానే వేశాం. కానీ యాప్ వీడియోకి అతికించేది స్పీకర్‌లో వినిపించిన పాటని కాదు, తన దగ్గరున్న పాటని. అది పావు సెకను ముందే మొదలైపోయింది. ఇదే స్పీకర్‌లో సినిమా చూసినప్పుడు ఎందుకు తెలియలేదంటే, అక్కడ ప్లేయర్ బొమ్మని కూడా ఆ మేరకు ఆపి చూపిస్తుంది.

వీడియోలో పాటని 7 ఫ్రేములు వెనక్కి జరిపి చూశాం. కాలూ డప్పూ కలిసిపోయాయి! అప్పుడు ఏడ్చినమ్మాయే గట్టిగా నవ్వింది.

సరిచేసింది పంపేద్దాం అనుకున్నాం కానీ పంపలేదు, ఎందుకంటే అప్పుడే ఇంకో సంగతి కనిపించింది. సగం వీడియోలో కాళ్లే లేవు. ఫోన్ నిలువుగా పెట్టి తీశాం, కింద పేరూ క్యాప్షనూ వచ్చే చోట పాదాలు పడ్డాయి. అక్షరాల వెనక అడుగులు. థింసాలో చేతులు వెనక నుంచి పక్కవాళ్ల నడుం మీద బిగించి ఉంటాయి, కదిలేదంతా కింద. పాదం కనపడకపోతే ఎనిమిది మంది ఆడపిల్లలు వరసగా ఊగుతున్నట్టు ఉంటుంది, అంతే. ఊళ్లో చిన్న పిల్లలు చూసి నేర్చుకుందామన్నా ఏమీ ఉండదు.

అందుకే మళ్లీ తీశాం. ఈసారి ముందు నేల కొలిచాం. ఎనిమిది మందిమి చేతులు కలిపి నిలబడితే 4 మీటర్ల వెడల్పు. అటూ ఇటూ ఒక్కో మీటరు జరుగుతాం. అంటే ఫ్రేములో 6 మీటర్ల నేల పట్టాలి. చాలామంది మనిషి ఎత్తు చూసి దూరం పెడతారు, మేమూ అదే చేశాం. కానీ గొలుసుగా వేసే ఆటలో దూరాన్ని తేల్చేది పక్కకి జరిగే వెడల్పే. మా ఫోన్‌లో 1x మీద, అడ్డంగా పెడితే, ఎంత దూరంలో ఉంటామో దాదాపు అంత వెడల్పు పడుతుంది. కాబట్టి 6 మీటర్లు వెనక్కి వెళ్తే చాలు. అదే నిలువుగా పెట్టి 6 మీటర్ల వెడల్పు పట్టించాలంటే 10 మీటర్ల పైన వెనక్కి పోవాలి. అప్పుడు పైనంతా ఆకాశం, కిందంతా మట్టి, మధ్యలో చీమల్లా మనం. ఒక్కరే వేసే డాన్సుకీ, నిలబడి చేసే ఎక్సర్‌సైజుకీ నిలువు సరిపోతుంది. గొలుసుకి అడ్డమే.

దూరం పోలేక 0.5x నొక్కొద్దు. చివర్న ఉన్న ఇద్దరూ పక్కకి సాగిపోయి లావుగా కనిపిస్తారు, వాళ్ల కాలు నిజంగా వేసినదాని కంటే దూరంగా వేసినట్టుంటుంది. ఇంకొకటి, ఫోటో మోడ్‌లో చూసి ఫ్రేము సరిచేసుకుంటే మోసపోతారు. వీడియో నొక్కగానే ఫోన్ అంచుల్ని కొంచెం కోసేస్తుంది, చెయ్యి వణుకు సర్దుకోడానికి. మేము పది సెకన్లు వీడియో తీసి, ఆడించి చూసి, రెండంచుల దగ్గరా నేల మీద చెప్పులు పెట్టేశాం. చెప్పు దాటితే బయటకి పోయినట్టే. ముందువైపు ముగ్గుపిండితో గీత గీశాం.

ఎత్తు విషయంలో మూడుసార్లు తిప్పలు పడ్డాం. మెట్ల మీద నుంచి తీస్తే తలలు పెద్దగా, కాళ్లు పొట్టిగా వచ్చాయి. ఇటుకకి ఆనించి నేల మీద పెడితే కాళ్లు బారుగా బాగానే ఉన్నాయి గానీ, పాదం ముందుకి పడిందో వెనక్కి పడిందో తెలియట్లేదు, గడ్డి కూడా అడ్డం. చివరికి స్టూలు మీద, మన నడుం ఎత్తులో, ఫోన్‌ని ముందుకీ వెనక్కీ వంచకుండా నిటారుగా పెట్టాం. మనిషి ఉన్నట్టే వచ్చింది, పాదం నేల మీద ఎక్కడ పడిందో కూడా కనిపించింది. ట్రైపాడ్ లేదు, బకెట్ బోర్లించి, రెండు పుస్తకాల మధ్య ఫోన్ బిగించి రబ్బరు బ్యాండ్లు వేశాం. గడ్డి లేని చోట ఊడ్చుకున్నాం.

ఇక పాట. ఈసారి ఒక ఫోన్‌లో పాట, ఇంకో ఫోన్‌లో మామూలు కెమెరా. స్పీకర్ అదే బ్లూటూత్‌ది, అయినా ఫరవాలేదు, ఎందుకంటే ఇప్పుడు కెమెరా మైకు కూడా మేము విన్నదే వింటుంది. స్పీకర్‌ని మా పక్కనే, ఫ్రేము బయట పెట్టాం. ఆరు మీటర్లు గాల్లో రావడానికి శబ్దానికి అర ఫ్రేము టైము పడుతుంది, అది కంటికి తెలియదు.

తర్వాత ఎడిటింగ్‌లో కెమెరా వీడియో కింద అసలు పాటని పెట్టాం. మన పాట మొదట్లో డప్పు ఒక్కటే నాలుగు దెబ్బలు ఉంది, మా అదృష్టం. లేకపోతే పాట ఫైలు ముందు మీరే నాలుగు చప్పట్లు చేర్చుకోండి. రెండు శబ్దాల గీతల్లోనూ ఆ నాలుగు మొనలు కనిపిస్తాయి, మొన కింద మొన వచ్చేలా జరపాలి. సరిపోయిందో లేదో చెవితోనే తెలుస్తుంది. రెండూ కలిపి వినండి. డప్పు 'ధక్ ధక్' అని రెండుగా వినిపిస్తే ఇంకా జరపాలి, ఒక్క దెబ్బగా వినిపిస్తే కుదిరినట్టు. చివర్లో కూడా ఒకసారి వినాలి. మేము మొదటిరోజు చీకటి పడే వేళ తీస్తే మొదట్లో కుదిరి చివర్లో విడిపోయింది. వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు సెకనుకి తీసే ఫ్రేములు తగ్గించేస్తాయి, కొన్ని ఎడిటింగ్ యాప్‌లు దాన్ని సరిగ్గా లెక్కేసుకోవు. మర్నాడు పొద్దున్నే తీస్తే ఆ గొడవ లేదు. అంతా కుదిరాక కెమెరా శబ్దం మ్యూట్ చేసేశాం.

ఒకటి మాత్రం సర్దలేకపోయాం. ఊళ్లో పెదనాన్న మా కాళ్లు చూస్తూ వాయిస్తాడు, మేము కొంచెం వెనకబడితే ఆగుతాడు, ఊపొస్తే పెంచుతాడు. ఆ రికార్డు కూడా పండగలో ఎవరి కాళ్లో చూస్తూ వాయించినదే, చివర్లో వేగం పెరుగుతుంది. స్పీకర్ మా కాళ్లు చూడదు కదా. అందుకే రెండు రోజులు పాట విని విని, ఎక్కడ పెరుగుతుందో చెవికి పట్టించుకున్నాం.

నిన్న కొత్త వీడియో పంపాం. రాత్రి పెదనాన్న మెసేజ్ వచ్చింది. "ఇప్పుడు బాగుందమ్మా. ఎడం నుంచి మూడో పిల్ల మాత్రం తిరిగేటప్పుడు కాలు ముందే వేసేస్తోంది."

ఫ్రేములు జరిపి చూశాం. నిజమే, ఆ అమ్మాయి ఒక్కర్తే, తిరిగిన ప్రతిసారీ, 3 ఫ్రేములు ముందు. ఆదివారం మళ్లీ తీస్తాం.