తప్పు ఎవరి ఖాతాలో?

మనిషి చేసిన పనికి కారణం వెతికేటప్పుడు అతని చుట్టూ ఉన్న పరిస్థితిని తక్కువగానూ, అతని గుణాన్ని ఎక్కువగానూ లెక్కలోకి తీసుకునే అలవాటును మనస్తత్వ శాస్త్రం మౌలిక ఆరోపణ దోషం అంటుంది. ఈ పేరును 1977లో లీ రాస్ వాడుకలోకి తెచ్చాడు. దానికి తోడుగా ఉండేది స్వానుకూల పక్షపాతం, అంటే గెలుపును తన ప్రతిభ ఖాతాలోనూ, ఓటమిని పరిస్థితుల ఖాతాలోనూ రాసుకోవడం. ఐ.ఎస్. సదన్, సైదాబాద్ దారుల్లో బండ్లు తగిలి మోచేతులు గీరుకుపోయి వచ్చినవారికి కట్టు కట్టే వైద్యునికి ఈ రెండూ ఒకే నోట వినిపిస్తాయి: ఎదుటివాడు రోడ్డు తన తాత జాగీరనుకునే పొగరుబోతు, చెబుతున్నవాడు కంకర మీద టైరు జారిన పాపానికి దొరికిపోయినవాడు. ఆ ఎదుటివాడు పక్క బల్ల మీదే ఉంటే అదే కథ పాత్రలు తారుమారై వినిపిస్తుంది. ఇద్దరూ అబద్ధమాడుతున్నారనుకోనక్కర్లేదు, ఎందుకంటే బండి నడిపేవానికి కనిపించేది ముందున్న కంకర, చూసేవానికి కనిపించేది బండి మీది మనిషి.

రోడ్డు మీది తగాదా సాయంత్రానికి చల్లారుతుంది గాని పరీక్షా ఫలితం ఇంట్లోనే తిష్ఠ వేస్తుంది. తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు 2019 ఏప్రిల్ 18న వెలువడినప్పుడు మూడు లక్షల మందికి పైగా తప్పారు, ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చినట్లు మెమోలో ఉండగా, సరిచూస్తే అసలు మార్కులు 99 అని తేలింది. జవాబు పత్రం దిద్దినవారు మార్కుల గళ్లు నింపడంలో పొరపడ్డారు. మెమో చూసి ‘చదవలేదు’ అని తీర్పు చెప్పే ఏ ఇంటికైనా ఆ సున్నా వెనుక ఇంకొకరి చేతి పొరపాటు ఉండవచ్చునన్న ఊహ అంత సులభంగా రాదు. అయితే ఇదే ఉదంతానికి రెండో ముఖం కూడా ఉంది: తప్పినవారందరి పత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలించినప్పుడు ఉత్తీర్ణులైనవారు వెయ్యికి కొద్దిగా పైన మాత్రమే, కాబట్టి తమ మార్కులు కూడా బోర్డు తప్పేనని నమ్మినవారిలో చాలామందికి ఆ నమ్మకం నిలబడలేదు.

వైద్యుడు ఎక్కువగా భయపడవలసింది తప్పును బయటికి నెట్టే విద్యార్థిని చూసి కాదు. తనను తాను కాపాడుకునే ఆ పక్షపాతం కుంగుబాటులో తలకిందులవుతుంది. రోగి తన ఓటమికి కారణం తనలోనే ఉందనీ, అది మారేది కాదనీ, ఒక్క సబ్జెక్టుకు కాక బతుకంతటికీ వర్తిస్తుందనీ చెప్పడం మొదలుపెడతాడు. ఈ మూడు లక్షణాలను అబ్రామ్‌సన్, సెలిగ్‌మన్, టీస్‌డేల్ 1978లో వివరించారు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఫిజిక్స్ తప్పిన ఒక కుర్రవాణ్ణి నిద్ర పట్టడం లేదని తీసుకువచ్చినప్పుడు తల్లి చెప్పిన కారణం ఫోను. కుర్రవాడు చెప్పింది ‘నేనెందుకూ పనికిరాను సార్’ అన్న ఒక్క మాటే. ఇటువంటి చోట ముందుగా చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అటువంటిది లేదని తేలిన తర్వాతే కారణాల చర్చకు దిగవచ్చు, దానికి హెరాల్డ్ కెల్లీ 1967లో చూపిన దారి ఆసుపత్రి గదిలోనూ పనికివస్తుంది: ఆ పరీక్షలో తక్కినవారూ తప్పారా, అతను తక్కిన సబ్జెక్టుల్లోనూ తప్పాడా, ఈ సబ్జెక్టులో ఇదివరకూ తప్పాడా అని విడివిడిగా అడగడం. తోటివారు చాలామంది గట్టెక్కారు, కాబట్టి పేపరు కష్టమన్న మాట నిలవదు. లెక్కల్లోనూ కెమిస్ట్రీలోనూ మంచి మార్కులు వచ్చాయి, మొదటి సంవత్సరం ఫిజిక్స్ కూడా పాసయ్యాడు, కాబట్టి ‘పనికిరాను’ అన్న మాటా నిలవదు. మిగిలింది ఆ సంవత్సరం, ఆ సబ్జెక్టు. అప్పుడు గాని బయటపడలేదు: ఆగస్టులో హాస్టల్లో కామెర్లు సోకి అతను ఆరు వారాలు ఊళ్లోనే ఉండిపోయాడు, విద్యుత్తు పాఠాలన్నీ ఆ రోజుల్లోనే దాటిపోయాయి. లెక్కల పాఠాలు వెళ్లలేదా అంటే వెళ్లాయి, కాని వాటిని ఒక స్నేహితుడు తిరిగి చెప్పాడు.

ఈ మాటలు నడుస్తున్నంతసేపూ తల్లి కొంగు నలుపుకుంటూ వింది. కారణం దొరకగానే కుర్రవాని గుణం మీది నింద పూర్తిగా తొలగిపోయిందనుకోవడం మరో తొందరపాటే అయ్యేది. తనను ఎవరూ తప్పుపట్టడం లేదని రూఢి అయ్యాక, దసరా తర్వాత ఆ అధ్యాయాలు చదవడానికి తీరిక దొరికినా రాత్రిళ్లు ఫోను చూస్తూ గడిపేశానని అతనే చెప్పాడు. వైద్యుడు నిద్రకు మందు రాయకుండా వారానికోసారి రమ్మన్నాడు, సప్లిమెంటరీకి మిగిలిన రోజుల్లో ముందుగా విద్యుత్తు పాఠాలు ఎవరి దగ్గర చెప్పించుకోవాలో ముగ్గురూ కూర్చుని తేల్చారు.