కింది వరుసలో ఉన్నది

మా దగ్గరికొచ్చిన పదో రోజున నాన్న పోయారు. ఊళ్లో పొలం అమ్మ పేరిట మార్చాలంటే అమెరికా మరణ ధ్రువపత్రానికి అపోస్టిల్, తెలుగు అనువాదం కావాలన్నారు.

మరణ కారణం దగ్గర 'ఎ' వరుసలో పల్మనరీ ఎంబాలిజం. దాని కింద 'దీనికి కారణం' అని, 'బి'లో కాలి సిరలో గడ్డ. అనువాదకుడు రెండూ కలిపేసి 'రక్తం గడ్డకట్టి మరణం' అని రాశారు. పై వరుస చివరికి ప్రాణం తీసింది, కింది వరుస అసలు మొదలు. అందుకే "ఎ: ఊపిరితిత్తుల రక్తనాళానికి గడ్డ అడ్డుపడటం. దీనికి కారణం, బి: కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం" అని మార్పించాను.

18 గంటలు విమానంలో కూర్చునే వచ్చారని అందులో లేదు. డాక్టరు రాయనిది అనువాదంలో చేర్చకూడదు.

అమ్మ చదివి, "కాలు లాగుతోందని నాకు ఫోన్లో చెప్పారే, నీకు చెప్పలేదా?" అంది.