బాగా కనిపించాడా?

తిరుమల క్యూలో నిలబడి ఫోన్‌లో కోరికలు టైప్ చేసుకున్న మనిషిని నేను. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి, డిపాజిట్ కౌంటర్ దగ్గర ఇచ్చేసేముందు వాటిని బట్టీ పట్టాను. మొత్తం నాలుగు. మొదటిది అమ్మ బయాప్సీ రిపోర్ట్. మిగతా మూడూ దానికి తోకలే.

అమ్మ రాలేకపోయింది. అంతసేపు నిలబడే ఓపిక లేదు. పంపేటప్పుడు ఒక్కటే చెప్పింది: "లోపలికెళ్లాక కళ్లు మూసుకోకు. చిన్నప్పుడూ ఇంతే, అంత దూరం తీసుకెళ్తే తీరా స్వామి ముందు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టేవాడివి." మూడొందల టికెట్ గురువారానికి దొరికిందంటే మాత్రం ఆమె గొంతు మారింది. "గురువారమా! అయితే కళ్లు కనిపిస్తాయిరా."

మిగతా రోజుల్లో మూలవిరాట్టు కళ్లను పెద్ద పచ్చకర్పూరపు నామం చాలావరకు కప్పేస్తుంది. గురువారం మాత్రం ఆభరణాలు తీసి, నామం సన్నం చేసి, పంచె, ఉత్తరీయంతో ఉంచుతారు. దాన్నే నేత్రదర్శనం అంటారు. సాయంత్రం పూలంగి సేవ, శుక్రవారం అభిషేకం. అభిషేకం తర్వాత మళ్లీ పెద్ద నామం. గురువారం పొద్దున తిరుప్పావడ సేవలో స్వామికి ఎదురుగా పులిహోర రాశి పోస్తారు. ఆ చూపు తీక్షణత ముందు దాని మీద పడాలనే అలా పోస్తారని చెప్తుంటారు. అన్నం మీద పడ్డాక ఇక మన మీద పడినా ఫర్వాలేదన్నమాట.

ఇది వింటే మా ఊరి రామాలయం ప్రతిష్ఠ గుర్తొచ్చింది. నాకప్పుడు పదేళ్లు. విగ్రహాలకు చివరగా కళ్లు తెరిపించే తంతు ఉంటుంది, నయనోన్మీలనం. ఆ సమయంలో మమ్మల్నందర్నీ ఎదురుగా నిలబడొద్దని పక్కకు తోసేశారు. ముందు అద్దం చూపించారు, తర్వాత దూడతో ఉన్న ఆవుని తెచ్చారు. ఆ తర్వాతే మనుషులు. అంతవరకూ గుడికి వెళ్లడమంటే మనం దేవుణ్ని చూడ్డమే అనుకునేవాణ్ని. అవతలివైపు నుంచి కూడా చూపు ఉంటుందనీ, దానికి పెద్దవాళ్లు నిజంగానే జాగ్రత్తలు తీసుకుంటారనీ ఆ రోజే తెలిసింది.

మన మాటల్లోనూ ఇది ఉంది. గుడి నుంచి వచ్చినవాళ్లని "ఏం కోరుకున్నావ్?" అని పెద్దవాళ్లెవరూ అడగరు. "దర్శనం బాగా అయిందా?" అంటారు. దర్శనం "అయింది", "దొరికింది", స్వామి "ఇచ్చాడు". మనం చేసేది తక్కువ. అలాగని కోరికలు లేవని కాదు. తలనీలాలు, ముడుపు, నిలువుదోపిడీ, హుండీ, అన్నీ ఉన్నాయి. కానీ మొక్కు ఇంట్లో దేవుడి గూటి ముందే మొక్కుతాం, పసుపు గుడ్డలో రూపాయి కట్టి. కోరడానికే అయితే కొండెక్కక్కర్లేదు. కొండెక్కేది ఎదురుపడటానికి.

బంగారువాకిలి దగ్గరకొచ్చేసరికి తోపులాట. గర్భగుడిలో కరెంటు లైట్లుండవు, నేతి దీపాలే. బయటి వెలుతురుకి అలవాటుపడ్డ కళ్లకి మొదట చీకటే కనిపించింది. నా నాలుగు కోరికల్లో రెండోదాని దగ్గర ఉన్నాను. పక్కన ఎవరో పెద్దావిడ మునివేళ్ల మీద లేచి, నా భుజం ఊతంగా పట్టుకుని, "అదుగో" అంది, తనలో తనే అన్నట్టు. తలెత్తాను. ముందు పంచె అంచు కనిపించింది, తర్వాత ఛాతీ, తర్వాత కళ్లు.

రెండు సెకన్లు ఉంటుందేమో. "జరగండి, జరగండి" అని భుజం మీద చెయ్యి పడింది. బయటికి నడుస్తూ వెనక్కి తిరిగి చూశాను, అందరూ చేసే పనే. విమాన వేంకటేశ్వరుడి దగ్గరకొచ్చాక గుర్తొచ్చింది, నేనేమీ అడగలేదని. రిపోర్ట్ గురించి కూడా. గుండె ఝల్లుమంది. వెళ్లిన పనే మర్చిపోయి వచ్చిన కొడుకుని.

హుండీ దగ్గర ఆగి అడగొచ్చు కదా అనిపించింది. అడిగాను కూడా, గబగబా. కానీ అది దరఖాస్తు నింపినట్టుంది. లోపల నిలబడ్డ ఆ రెండు సెకన్లలో మాత్రం అమ్మ సంగతి నేను చెప్పాల్సిన కొత్త విషయంలా అనిపించలేదు. ఇది భక్తో, అలసటో నాకు తెలీదు. రాత్రంతా నిద్రలేదు మరి.

ఫోన్ తిరిగి తీసుకుని అమ్మకి చేశాను. అడగలేదన్న సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆవిడే మొదలుపెట్టింది.

"బాగా కనిపించాడా?"

"కనిపించాడమ్మా."

"కళ్లు?"

"కనిపించాయి."

"నువ్వు మూసుకోలేదుగా?"

"లేదు."

"హమ్మయ్య," అంది. తర్వాత పంచె ఏ రంగుదని అడిగింది. అంచు తప్ప ఏమీ గుర్తులేదన్నాను. "అంచన్నా చెప్పు మరి," అని, మంచం మీద సర్దుకుని కూర్చుంటున్న చప్పుడు వినిపించింది.